కంపెనీకి చేబదులు

కంపెనీలకు అప్పు కావాల్సొస్తే బ్యాంకుకెళ్తాయి, బాండ్లు వేస్తాయి, షేర్లు తాకట్టు పెడతాయి. ఎక్కడికెళ్లినా వడ్డీ తప్పదు. పూచీకత్తు, కాగితాలు, ఆడిటరు సంతకం కూడా తప్పవు. ఇవేవీ లేకుండా, అడిగిన వెంటనే, వడ్డీ ఊసెత్తకుండా అప్పిచ్చే మహాదాత ఒకడు ప్రతి ఆఫీసులోనూ ఉంటాడు. క్యాంటీన్ పక్కనున్న బల్ల మీద, కుర్చీ దొరికితే కూర్చుని, లేకపోతే నిలబడి పనిచేస్తుంటాడు. అతన్ని ఇంటర్న్ అంటారు.

మాదాపూర్‌లో ఒక ఆఫీసు. పేరు అక్కర్లేదు, ఆ వీధిలో ఏ మెట్లెక్కినా కథ ఇదే. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది అమ్మాయి ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కు చేరింది. స్టైపెండ్ నెలకు 12,000. విజయవాడలో రెండు రోజుల ఎగ్జిబిషన్‌లో కంపెనీ స్టాల్ పెట్టింది. మేనేజరుగారు పిలిచి, "నువ్వెళ్లి చూసుకోమ్మా. మంచి ఎక్స్‌పోజరు. ఖర్చులు నువ్వు పెట్టుకో, బిల్లులు జాగ్రత్తగా ఉంచు, కంపెనీ ఇచ్చేస్తుంది" అన్నారు. ఆ ఎక్స్‌పోజరు జేబుకు ఎంత చలి తెప్పిస్తుందో ఆయన చెప్పలేదు.

అదే స్టాల్‌కు వైస్ ప్రెసిడెంటుగారు కూడా ఒక పూట వచ్చి వెళ్లారు. ఆయనకు గన్నవరం దాకా విమానం టికెట్ ట్రావెల్ డెస్కు తీసింది. హోటల్ బిల్లు హోటల్ వాడే నేరుగా కంపెనీకి పంపాడు. కారు ఏజెన్సీ కూడా అంతే. ఆయన జేబులోంచి రూపాయి కదల్లేదు, ఆయన చేతికి ఒక్క బిల్లూ తగల్లేదు. నెలకు లక్షలు తెచ్చుకునే మనిషి కంపెనీ డబ్బుతో తిరిగొచ్చాడు. నెలకు పన్నెండు వేలు తెచ్చుకునే పిల్ల సొంత డబ్బుతో తిరిగొచ్చింది. ఇందులో అన్యాయమేముందండీ, ఎవరి హోదాకు తగ్గ నమ్మకం వారిది!

అమ్మాయి ఖర్చు ఇదీ. బస్సు రానూపోనూ 1,240. లాడ్జి రెండు రాత్రులకు, రాత్రికి 1,500 చొప్పున, 5 శాతం జీఎస్టీతో కలిపి 3,150. ఆటోలు 480. తిండి 760. స్టాల్‌కు సామాన్లు, అంటే ఫ్లెక్సీ 900, ఎక్స్‌టెన్షన్ బాక్సు 450, డబుల్ సైడ్ టేపు 120. అంతా కలిపితే 7,100. సగం నెల స్టైపెండ్ దాటిపోయింది. ఇంట్లో నాన్నకు ఫోన్ చేసి అయిదు వేలు వేయించుకుంది. అంటే ఆ ఎగ్జిబిషన్‌కు అసలు స్పాన్సరు ఆ తండ్రి. ఆయన పేరు ఫ్లెక్సీ మీద వేయలేదు, అంతే.

తిరిగొచ్చాక మొదలైంది అసలు ప్రయాణం.

ఆటో బిల్లులతో మొదలుపెడదాం. రెండు సార్లు యాప్‌లో బుక్ చేసింది, దానికి మెయిల్‌లో బిల్లొచ్చింది, 310 రూపాయలు. మిగతా 170 రోడ్డు మీద చెయ్యెత్తి ఆపిన ఆటోలకు ఫోన్‌తోనే కట్టింది. ఆ స్క్రీన్‌షాట్లు జత చేసింది. అకౌంట్స్ నుంచి ప్రశ్న: "ఒక మహిళ పేరు మీద వ్యక్తిగత బదిలీ కనిపిస్తోంది. కారణం తెలపండి." కారణమేముంది, ఆటో తోలేది మొగుడు, క్యూఆర్ కోడ్ ఉన్నది పెళ్లాం ఖాతాకు. ఊళ్లో సగం ఆటోల మీద అతికించిన కోడ్ భార్యదో, తమ్ముడిదో, బావమరిదిదో అయి ఉంటుంది. స్క్రీన్‌షాట్ డబ్బు వెళ్లిందని చెబుతుంది గానీ దేనికి వెళ్లిందో చెప్పదు కదా అంటారు అకౌంట్స్‌వారు. ఆ మాట నిజమే. అయితే రోడ్డు మీది ఆటోవాడు బిల్లు రాసిచ్చిన రోజు ఈ దేశంలో ఎవరికైనా గుర్తుందా? పోనీ డ్రైవరు చేత తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకు రావాల్సిందని సలహా ఇచ్చారు. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర, వెనక బస్సు హారన్ కొడుతుంటే, "అన్నా, ఇక్కడో సంతకం పెట్టవా" అని అడగమని.

ఇక తిండి. ఇక్కడే నాకు అకౌంట్స్ శాఖ మీద గౌరవం ఆకాశాన్నంటుతుంది. పాలసీలో రాసి ఉంది: ప్రతి భోజనం బిల్లు మీద హోటల్ వాడి జీఎస్టీ నంబరుండాలి, మన కంపెనీ జీఎస్టీ నంబరు కూడా వేయించాలి. ఎందుకని అడిగితే, "ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవాలమ్మా" అంటారు. కంపెనీ కట్టాల్సిన పన్నులోంచి, ఈ బిల్లు మీద ఇప్పటికే కట్టిన పన్నును మినహాయించుకోవడమన్న మాట. వినడానికి బాగుంది. కానీ జీఎస్టీ చట్టంలో 17వ సెక్షన్, 5వ సబ్‌సెక్షన్ అని ఒకటుంది. ఏయే ఖర్చుల మీద క్రెడిట్ రాదో అందులో వరసగా రాసిపెట్టారు. తిండి, పానీయాలు ఆ జాబితాలో ఉన్నాయి. ఇలాంటి ఆఫీసు బిల్లుకు అందులో మినహాయింపు దొరకదు. అంటే ఆ ఇడ్లీ బిల్లు మీద బంగారు అక్షరాలతో జీఎస్టీ నంబరు చెక్కించినా కంపెనీకి దమ్మిడీ క్రెడిట్ రాదు. ఆ సంగతి అకౌంట్స్‌వారికి తెలియక కాదు. తెలిసీ అడుగుతున్నారు. రాని క్రెడిట్ కోసం లేని నంబరు తెమ్మని, తినేసిన ఇడ్లీకి పంచనామా చేస్తున్నారు.

లేని నంబరు అన్నానంటే ఊరికే కాదు. సేవలు అమ్ముకునేవాడి ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటకపోతే మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. బస్టాండు ఎదురుగా బండి మీద ఇడ్లీ అమ్మే ఆవిడకు ఆ నంబరు ఎక్కణ్నుంచొస్తుంది? చట్టం ఆవిణ్ని వదిలేసింది. కంపెనీ పాలసీ మాత్రం వదల్లేదు. దాని ఉద్దేశం ప్రకారం పన్నెండు వేల స్టైపెండ్ పిల్ల రోడ్డు పక్కన ముప్ఫై రూపాయలకు తినకూడదు, ఏసీ హోటల్లో మూడు వందలకు తిని బిల్లు తేవాలి. పొదుపు చేసినవారికి శిక్ష, దుబారా చేసినవారికి చెల్లింపు. అమ్మాయి పెట్టిన 760లో బిల్లున్నది 420కి. మిగతా 340 బండి దగ్గర, టీ కొట్టు దగ్గర పోయాయి. అవి పోయినట్టే.

లాడ్జి బిల్లు ఇంకా మనోహరంగా ఉంటుంది. పాలసీ చదివిన పిల్ల కాబట్టి రిసెప్షన్‌లో నిలబడి కంపెనీ జీఎస్టీ నంబరు చెప్పింది. 15 అక్షరాల నంబరు. తెలంగాణది కాబట్టి 36తో మొదలవుతుంది, నడుమ కంపెనీ పాన్ నంబరుంటుంది. కౌంటర్లో అబ్బాయి ఒక్కో అక్షరమే కొడుతూ సున్నా ఉన్నచోట ఇంగ్లీషు ఓ అక్షరం కొట్టాడు. హైదరాబాదు వచ్చాక ఆ బిల్లు తిరిగొచ్చింది. "జీఎస్టీ నంబరు తప్పు. సరిచేసిన బిల్లు తీసుకురండి." అమ్మాయి లాడ్జికి ఫోన్ మీద ఫోన్ చేసింది. వాళ్లు ఎత్తినప్పుడు మేనేజరు లేడు, మేనేజరున్నప్పుడు ఎత్తలేదు. చివరికి వాట్సాప్‌లో సరిచేసిన బిల్లు పంపారు. రెండు వారాల పోరాటం.

ఇంత పోరాడి సాధించిన ఆ సరైన నంబరు విలువెంతో చూద్దాం. హోటల్ గది ఎక్కడుందో పన్ను అక్కడిదే. గది విజయవాడలో ఉంది కాబట్టి లాడ్జివాడు వేసిన 150 రూపాయల్లో 75 కేంద్రానికి, 75 ఆంధ్రప్రదేశ్‌కు. కంపెనీ రిజిస్ట్రేషన్ తెలంగాణలో. ఆంధ్రలో దానికి రిజిస్ట్రేషన్ లేదు. కాబట్టి ఆ 150లో ఒక్క రూపాయి కూడా క్రెడిట్‌గా తీసుకోవడానికి వీల్లేదు. నంబరు తప్పున్నా రాదు, ఒప్పున్నా రాదు, అసలు లేకపోయినా రాదు. సున్నా కోసం రెండు వారాలు తిరిగితే తేలింది కూడా సున్నాయే. అయినా బిల్లు మీద నంబరు సరిగ్గా ఉండాలి, ఎందుకంటే చెక్‌లిస్టులో గడి ఉంది. గడి ఉంటే టిక్కు పడాలి.

సామాన్ల దగ్గర చిన్న విషాదం జరిగింది. ఎక్స్‌టెన్షన్ బాక్సు కొన్న బిల్లు థర్మల్ కాగితం మీద వచ్చింది. బిల్లు పోతుందేమోనని అమ్మాయి శ్రద్ధగా లామినేషన్ చేయించింది. థర్మల్ కాగితంలో సిరా ఉండదు, వేడి తగిలితే నల్లబడే పూత ఉంటుంది. లామినేషన్ మిషన్లో వేడి తగిలి కాగితం మొత్తం నల్లబడింది. అమావాస్యకు ఫోటో తీసినట్టుంది. చేయించకుండా ఉంటే ఏమయ్యేదంటే, తెల్లబడేది. ఎండ, నూనె చెయ్యి, ప్లాస్టిక్ కవరు, పైన అంటించిన సెల్లో టేపు జిగురు, ఏది తగిలినా అక్షరాలు వెలిసిపోతాయి. కంపెనీ డబ్బిచ్చేదాకా బతికే థర్మల్ బిల్లు నేను చూడలేదు. కొన్నరోజే ఫోన్లో ఫోటో తీసి దాచుకోవడమొక్కటే దారి. ఫోటో ఒప్పుకోం, ఒరిజినలే కావాలంటే ఒరిజినల్‌కు జెరాక్స్ తీయించి రెండూ కలిపి పెట్టాలి. జెరాక్స్ డబ్బులకు బిల్లడగొద్దు, వాడు తిడతాడు.

అయితే బాక్సు బిల్లు కొట్టేసింది నల్లబడ్డందుకు కాదు. ఎలక్ట్రికల్ సామాను పర్చేజ్ శాఖ ద్వారా, పర్చేజ్ ఆర్డరు వేసి కొనాలట. స్టాల్‌లో ప్లగ్గు అందక లాప్‌టాప్ ఆగిపోయినప్పుడు, పొద్దున పదింటికి, మంత్రిగారు వచ్చే ముందు, మూడు కొటేషన్లు తెప్పించి తక్కువదెవరిదో చూసి ఆర్డరు వేసి ఉండాల్సింది. టేపుకు ఇచ్చింది కచ్చా బిల్లు, కొట్టు పేరు లేదు. అదీ పోయింది.

సరే, ఇక పోర్టల్. క్లెయిమ్ వేయాలంటే లాగిన్ కావాలి. లాగిన్‌కు ఎంప్లాయీ కోడ్ కావాలి. ఇంటర్న్‌కు ఎంప్లాయీ కోడ్ ఉండదు, ఎందుకంటే ఇంటర్న్ ఎంప్లాయీ కాదు. పంపేటప్పుడు మాత్రం "మన కంపెనీ తరఫున" అని పంపారు. మరి ఎలా ఇస్తారయ్యా అంటే, "వెండరుగా క్రియేట్ చేయాలి" అన్నారు. అలా ఇరవై ఒక్కేళ్ల పిల్ల, కంపెనీకి సిమెంటు, కుర్చీలు, ఏసీలు సరఫరా చేసే సంస్థల వరసలో చేరింది.

వెండరు ఫారం ఒక సాహిత్య ప్రక్రియ. వ్యాపార సంస్థ పేరు: తన పేరు రాసింది. వ్యాపార స్వభావం: ఏం రాయాలో తెలియక ఇంటర్న్ అని రాసింది. గత సంవత్సరం టర్నోవరు: గీత పెట్టింది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదని ధ్రువీకరణ పత్రం, సంతకం. తాను సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థను కానని మరో ధ్రువీకరణ పత్రం, సంతకం. క్యాన్సిల్ చేసిన చెక్కు ఒకటి. కాలేజీలో తెరిచిన ఖాతాకు చెక్కుబుక్కే లేదు. ఏడువేలు రాబట్టుకోవడానికి బ్యాంకుకెళ్లి చెక్కుబుక్కు తెచ్చుకుని, దాని మొదటి ఆకు చింపి, అడ్డంగా గీతలు గీసి ఇచ్చింది.

ఆ రెండో ధ్రువీకరణ పత్రం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అదెందుకు అడుగుతారో తెలుసా? 2006 నాటి ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు బాకీ ఎలాంటి ఒప్పందమున్నా 45 రోజుల్లోపు తీర్చాలి. ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లో. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఈ మధ్య ఆదాయపు పన్ను చట్టంలో కూడా మెలిక పెట్టారు, గడువులో కట్టకపోతే కట్టేదాకా ఆ ఖర్చు పన్ను లెక్కలోకి రాదు. అందుకని ఫ్లెక్సీ కొట్టిన చిన్న ప్రెస్సుకు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందంటే చాలు, అకౌంట్స్‌వారు గడువు లెక్కబెట్టుకుంటూ చెల్లిస్తారు. కానీ ఆ ఫ్లెక్సీకి చేతి నుంచి 900 కట్టిన పిల్లకు ఏ గడువూ లేదు. తాను సంస్థను కానని రాసిచ్చింది కదా. ఉద్యోగి కాదు కాబట్టి ఉద్యోగుల పద్ధతి వర్తించదు, సంస్థ కాదు కాబట్టి సంస్థల చట్టం వర్తించదు. ఆ రెంటికీ మధ్య నిలబడ్డ మనిషికి వర్తించేది ఓపిక ఒక్కటే.

అప్రూవల్స్ గురించి ఎక్కువ చెప్పను, చెప్పడానికి కొత్తేముంది. మేనేజరుగారు మీట నొక్కాలి, తర్వాత శాఖాధిపతి, తర్వాత బడ్జెట్ చూసేవారు, తర్వాత అకౌంట్స్. నలుగురిలో ఒకరెప్పుడూ సెలవులో ఉంటారు, మిగతావాళ్లు "నా దగ్గరేం లేదే" అంటారు. తమాషా ఎక్కడంటే `Sent Back` అన్న రెండు మాటల దగ్గర. ఏ చిన్న ప్రశ్న వచ్చినా క్లెయిమ్ మొదటి మెట్టుకు వస్తుంది, పరమపద సోపానంలో పాము మింగినట్టు. మళ్లీ నలుగురూ నొక్కాలి. ఈలోగా ఖర్చు పెట్టిన తేదీ నుంచి 30 రోజులు దాటాయి. దాటితే పాలసీ ప్రకారం క్లెయిమ్ చెల్లదు, ప్రత్యేక అనుమతి కావాలి. ఆలస్యం చేసింది వాళ్లు, క్షమాపణ లేఖ రాసింది అమ్మాయి. "ఆలస్యానికి కారణం" అన్న గడిలో నిజం రాయబోతే పక్క సీటు అన్నయ్య ఆపాడు. "వద్దమ్మా, వ్యక్తిగత కారణాలు అని రాసెయ్, అందరం అదే రాస్తాం."

చివరికి ఒకరోజు మంజూరైంది. బస్సుకు 1,240, పూర్తిగా. లాడ్జికి ట్రైనీ గ్రేడు పరిమితి పన్నులతో సహా రాత్రికి 1,200 కాబట్టి 2,400. ఈ పరిమితి వెళ్లేముందు ఎవరూ చెప్పలేదు, పాలసీలో ఇరవయ్యో పేజీలో ఉందట. ఆటోకు 310, తిండికి 420, ఫ్లెక్సీకి 900. మొత్తం 5,270. అయిదు వేలు దాటింది కాబట్టి రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చేయాలి. చట్టం అది ఒప్పుకుంటుంది, తప్పేం లేదు. అప్పిచ్చినప్పుడు ఎవరూ ఆమెకు రసీదివ్వలేదన్నదొక్కటే నా బాధ. రూపాయి స్టాంపు కోసం పోస్టాఫీసుకు ఆటోలో వెళ్లొచ్చింది, అరవై రూపాయలు. దానికి క్లెయిమ్ వేయలేదు. ఆ మాత్రం లోకజ్ఞానం అప్పటికి వచ్చేసింది.

ఖాతాలో పడింది 4,743.

మిగతా 527 ఏమైందని అడిగితే టీడీఎస్ అన్నారు. వెండరు కదా, వెండరుకు స్టైపెండ్‌తో కలిపి చెల్లింపులు ఏడాదిలో యాభై వేలు దాటాయి కదా, వృత్తి సేవల కింద పది శాతం కోసేశారు. బస్సు టికెట్ డబ్బు మీద, పడుకున్న మంచం మీద, తిన్న ఇడ్లీ మీద ఆదాయపు పన్ను! ఖర్చుకు ఖర్చు తిరిగిస్తే అది ఆదాయమెలా అవుతుందండీ అని అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. బిల్లులు పెట్టి విడిగా క్లెయిమ్ చేసిన ఖర్చుల మీద కోయనక్కర్లేదని వాదించే చార్టర్డ్ అకౌంటెంట్లు బోలెడుమంది. అకౌంట్స్‌వారు మాత్రం, "సిస్టమ్ తీసుకుంటోందమ్మా, మేమేం చేయలేం. రిటర్ను వేసుకో, వచ్చేస్తుంది" అన్నారు. అలా అమ్మాయి కంపెనీకి అప్పివ్వడం పూర్తి చేసి, కేంద్ర ప్రభుత్వానికి అప్పివ్వడం మొదలుపెట్టింది.

ఇదంతా మోసాలు అరికట్టడానికే అంటారు. దొంగ బిల్లులు పెట్టేవాళ్లున్నారు, కాదనను. అయితే దొంగ బిల్లు పెట్టేవాడికి ఈ ఏర్పాటులో ఏ కష్టమూ లేదని గమనించండి. వాడి బిల్లు ఎప్పుడూ నల్లబడదు. జీఎస్టీ నంబరు తప్పుండదు. గడువు దాటదు. ఎందుకంటే వాడు చెక్‌లిస్టు ముందు పెట్టుకుని బిల్లు తయారు చేయించుకుంటాడు. ఈ జల్లెడలో పట్టుబడేది నిజంగా బండి దగ్గర తిని, నిజంగా రోడ్డు మీద ఆటో ఎక్కి, నిజం రాసినవాళ్లే. అమ్మాయి 170 రూపాయల ఆటో కోసం నలుగురు పెద్దలు వెచ్చించిన గంటల జీతం లెక్కేస్తే ఆ డబ్బుతో ఆటో మీటరు రెండు రోజులు తిరుగుతుంది.

మందు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ కాదు. ప్రభుత్వోద్యోగికి క్యాంపుకెళ్తే డీఏ అని రోజుకింత ఇస్తారు, ఇడ్లీకి బిల్లడగరు. పాతకాలం కిరాణా కొట్టు సేటుకు కూడా తెలుసు, గుమస్తాను పొరుగూరు పంపేటప్పుడు చేతిలో దారిఖర్చు పెట్టి పంపాలని. వైస్ ప్రెసిడెంటుకు టికెట్ తీసిన ట్రావెల్ డెస్కు ఇంకో బస్సు టికెట్టు, ఇంకో గది తీస్తే సరిపోయేది. మిగిలే రెండు వేల ఏడు వందలు ముందు అడ్వాన్సుగా ఇచ్చి, వచ్చాక లెక్క చెప్పమంటే ఒక కాగితంతో తేలేది. కానీ అడ్వాన్సిస్తే కంపెనీ డబ్బు ఇంటర్న్ చేతిలో ఉంటుంది, అది ప్రమాదం. ఇంటర్న్ డబ్బు కంపెనీ దగ్గరుంటే అది పద్ధతి.

స్టాల్ బాగా జరిగిందట. రెండు ఆర్డర్లొచ్చాయి. మేనేజరుగారు మెచ్చుకుని, "వచ్చే నెల వైజాగ్‌లో ఇంకోటుంది, నువ్వే వెళ్లాలి" అన్నారు.

"వెళ్తాను సార్. ఈసారి అడ్వాన్సు ఇప్పిస్తారా?"

ఆయన నిజంగానే ఆలోచించారు. "ఇప్పించొచ్చుగానీ... అడ్వాన్సు రిక్వెస్టుకు ఎంప్లాయీ కోడ్ కావాలమ్మా."